పట్టుచీరల షాపు పేజీకి ఎంగేజ్‌మెంట్ రేటు 0.79 అంటే తక్కువా? ఓనరు 3 కావాలంటున్నారు

బెజవాడ_కంటెంట్
విజయవాడలో ఒక పట్టుచీరల షాపుకి ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూస్తున్నాను. ఫాలోవర్లు 42,000. రోజూ ఒక పోస్ట్, వారానికి మూడు రీల్స్. ఓనరు గారబ్బాయి ఎక్కడో వ్యాసం చదివి వచ్చి "3 శాతం లోపు ఉంటే పేజీ చచ్చినట్టే, మనది 1 కూడా లేదు" అంటున్నాడు. పైగా వాళ్ల బంధువుల ఇంజనీరింగ్ కాలేజీ పేజీకి 4 వస్తోందట, అది చూపించి మీరేం చేస్తున్నారు అని అడుగుతున్నారు. వచ్చే నెల కాంట్రాక్ట్ రెన్యువల్, అందులో "3 శాతం గ్యారంటీ" అని రాయమంటున్నారు. చీరల షాపుకి అసలు మంచి నంబర్ ఎంత? ఎవరైనా చీరలవాళ్ల పేజీలు చూసేవాళ్లుంటే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఓరుగల్లు_రవి
రేటు గొడవ వదిలేయండి. చీరలు అమ్ముడవుతున్నాయా లేదా అదొక్కటే చూపించండి. లైకులతో కరెంటు బిల్లు కట్టలేరు కదా.

కొత్తగా_వచ్చా
నాకూ ఇదే ప్రాబ్లం. 800 ఫాలోవర్లున్నారు, 10 వేలు ఎలా చేయాలి? హ్యాష్‌ట్యాగ్‌లు ఎన్ని పెట్టాలి?

లెక్కలమాస్టర్
కొత్తగా_వచ్చా, అది వేరే ప్రశ్న, ఇంకో చర్చ మొదలుపెట్టండి, అక్కడ చెప్తాం.

బెజవాడ గారూ, ముందు ఒక సంగతి. ఆ 0.79 దేన్ని దేనితో భాగిస్తే వచ్చింది? ఓనరు చదివిన 3 దేన్ని దేనితో భాగిస్తే వచ్చింది? ఇవి తెలియకుండా రెండూ పక్కపక్కన పెట్టడం కుదరదు. మామూలుగా ఆడే ఒక పోస్ట్ తీసుకుని లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్లు, రీచ్ అన్నీ ఇక్కడ పెట్టండి. బాగా పేలిన పోస్ట్ వద్దు.

బెజవాడ_కంటెంట్
మొన్నటి కంచి పట్టు పోస్ట్, ఆరు ఫోటోలది. లైకులు 310, కామెంట్లు 22, సేవ్‌లు 95, షేర్లు 140. రీచ్ 9,500. మా పోస్టులు చాలావరకు ఇలాగే ఉంటాయి.

లెక్కలమాస్టర్
సరే, ఈ ఒక్క పోస్ట్‌కే మూడు రేట్లు వస్తాయి చూడండి.

లైకులు, కామెంట్లు మాత్రమే కలిపితే 332. దాన్ని 42,000 తో భాగిస్తే 0.79 శాతం. మీ ఓనరు తిడుతున్నది దీన్నే.
సేవ్‌లు, షేర్లు కూడా కలిపితే 567. అదే 42,000 తో భాగిస్తే 1.35.
ఆ 567 నే ఫాలోవర్లతో కాకుండా పోస్ట్ చూసిన 9,500 మందితో భాగిస్తే దాదాపు 6.

పోస్ట్ అదే, చీర అదే. 0.79 నుంచి 6 దాకా ఏ నంబరైనా అబద్ధం కాదు. వ్యాసాల్లో "మంచి రేటు ఇంత" అని రాసేవాళ్లలో కొందరు ఫాలోవర్లతో, కొందరు రీచ్‌తో భాగిస్తారు, ఇంకొందరు ఏదీ చెప్పరు. ఓనరు గారబ్బాయిని ఆ వ్యాసం లింక్ అడగండి, అందులో లెక్క ఎలా వేశారో రాసి ఉందేమో చూడండి. రాసి లేకపోతే ఆ 3 ని పక్కన పెట్టేయొచ్చు.

మాదాపూర్_బీటూబీ
మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ, లింక్డ్‌ఇన్ పేజీ. మాకు నికరంగా 5 పైన వస్తోంది. కాబట్టి 3 పెద్ద నంబరేం కాదు, కంటెంట్ బాగుంటే వస్తుంది.

లెక్కలమాస్టర్
@మాదాపూర్_బీటూబీ లింక్డ్‌ఇన్ తన లెక్కలో క్లిక్కులు కూడా కలుపుతుంది, పైగా భాగించేది ఇంప్రెషన్లతో, అంటే పోస్ట్ ఎన్నిసార్లు కనిపించిందో ఆ సంఖ్యతో. మీరు డాక్యుమెంట్ పోస్ట్ పెడితే పేజీలు తిప్పిన ప్రతిసారీ అది క్లిక్కుల్లోకి వెళ్తుంది. మీ పనిని తక్కువ చేయడం లేదు, కానీ ఆ 5 కీ చీరల షాపు 0.79 కీ సంబంధం లేదు. మీ పోస్టుల్లో లైకులు, కామెంట్లు మాత్రమే తీసుకుని పేజీ ఫాలోవర్లతో భాగించి చూడండి.

మాదాపూర్_బీటూబీ
వేసి చూశా. గత నెలది 0.6 వచ్చింది. ఈ తేడా గురించి మా రిపోర్టులో ఒక్క ముక్క కూడా ఉండదు.

కాలేజ్_డెస్క్
నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీ పేజీ నడుపుతున్నా, బెజవాడ గారు చెప్పినది కాదు, వేరేది. మాకూ 4 దగ్గరే వస్తుంది. అదెలా వస్తుందో లోపల్నుంచి చెప్తాను.

ఫెస్ట్ ఫోటో పెడితే అందులో అరవై మంది పిల్లలుంటారు. ఆ అరవై మందీ లైక్ కొడతారు, స్టోరీలో పెట్టుకుంటారు, "రేయ్ నువ్వు కళ్లు మూసుకున్నావ్" అని ఒకళ్లనొకళ్లు ట్యాగ్ చేసుకుంటారు. గ్రాడ్యుయేషన్ డే రోజు 9 దాటుతుంది. అదే అడ్మిషన్ నోటిఫికేషన్ పెడితే 0.4. వేసవి సెలవుల్లో పేజీ మొత్తం పడుకుంటుంది. పైగా మేం వారానికి రెండే పోస్టులు పెడతాం, అందువల్ల ఒక్కోదానికి ఎక్కువ పడతాయి.

మా మేనేజ్‌మెంట్‌కి కావాల్సింది కొత్త అడ్మిషన్లు. ఆ 4 శాతం ఇచ్చేది ఇప్పటికే ఫీజు కట్టి చదువుతున్న పిల్లలు, వెళ్లిపోయిన పాత బ్యాచ్‌లవాళ్లు. ఇంటర్ చదివే పిల్లవాడు మా పేజీలో కామెంట్ పెట్టడం నేనెప్పుడో గాని చూడను. కాబట్టి ఆ ఓనరు గారు మా నంబర్ చూసి ఈర్ష్య పడక్కర్లేదు.

లెక్కలమాస్టర్
కాలేజ్_డెస్క్ చెప్పింది ప్రపంచమంతటా కనిపించేదే. రైవల్ ఐక్యూ అనే సంస్థ ఏటా ఇండస్ట్రీల వారీగా రిపోర్ట్ ఇస్తుంది, లెక్క ఫాలోవర్లతో భాగించే పద్ధతిలోనే. 2024 రిపోర్ట్‌లో ఇన్‌స్టాగ్రామ్‌లో అన్ని ఇండస్ట్రీల మీడియన్, అంటే రేట్లన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది, అర శాతం కన్నా తక్కువ. యూనివర్సిటీలు, కాలేజీలు 2 పైన, అన్నిటికన్నా ముందు. ఫ్యాషన్, బ్యూటీ, రిటైల్ అడుగున. చీరల షాపు ఆ అడుగు గుంపులోకి వస్తుంది.

కానీ ఆ రిపోర్ట్‌ని కూడా నేరుగా ఓనరు ముందు పెట్టకండి. అందులోకి తీసుకునేవి ఫేస్‌బుక్‌లో కనీసం 25,000 ఫాలోవర్లున్న కంపెనీలు, పెద్ద బ్రాండ్లు. బెజవాడ షాపుకి బెజవాడ షాపులే కొలబద్ద. ఇండస్ట్రీ రిపోర్ట్ వల్ల తెలిసేది ఒక్కటే, కాలేజీతో పోల్చడం ఎందుకు తప్పో. పెళ్లి భోజనాల లెక్కతో టిఫిన్ సెంటర్‌ని కొలిచినట్టు ఉంటుంది అది.

క్లినిక్_పేజీ
మా కథ వినండి. నేను సంతాన సాఫల్య కేంద్రం పేజీ చూస్తాను. లైకులు, కామెంట్లు కలిపితే 0.2 కూడా రాదు. ఎందుకు వస్తుంది? ఐవీఎఫ్ పోస్ట్‌కి లైక్ కొడితే అత్తగారి తరఫువాళ్లకి కనిపిస్తుందేమో అని భయం. లైక్ కొట్టరు, కామెంట్ పెట్టరు, నిశ్శబ్దంగా సేవ్ చేసుకుంటారు, రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడతారు. ఖర్చు ఎంతవుతుందో చెప్పిన ఒక పోస్ట్‌కి లైకులు 40, సేవ్‌లు 600 పైన.

మా పేజీలో రేటు అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది దేనికో తెలుసా? డాక్టరు గారి పుట్టినరోజు పోస్ట్‌కి! నర్సులు, మెడికల్ రెప్‌లు, స్నేహితులు, అందరూ వచ్చి కేక్ బొమ్మలు పెడతారు. పేషెంట్ ఒక్కరూ ఉండరు. రేటు పెంచడమే పనైతే రోజూ పుట్టినరోజు చేయాలి.

కాలేజ్_డెస్క్
రోజూ పుట్టినరోజు అంటే బేకరీవాడి రేటు పెరుగుతుంది ముందు 😄

ఓరుగల్లు_రవి
చూశారా, నేను చెప్పిందే కదా అందరూ చెప్తున్నారు. రేటు పనికిరాదు.

లెక్కలమాస్టర్
లేదు రవీ, అలా అనడం లేదు. ఒక ఇండస్ట్రీ నంబర్ ఇంకో ఇండస్ట్రీకి పనికిరాదు అంటున్నాం. ఒకేలాంటి షాపుల మధ్య, ఒకే లెక్కతో చూస్తే బాగా పనికొస్తుంది. షాపు అమ్మకాల్లో ధర, స్టాక్, సేల్స్‌మెన్, పార్కింగ్, అన్నీ కలిసి ఉంటాయి. పేజీ నడిపేవాళ్ల పని ఎలా ఉందో అమ్మకం ఒక్కదాన్ని చూసి చెప్పలేం.

బెజవాడ గారూ, ఇలా చేయండి. మీలాంటి ఏడెనిమిది షాపులు ఎంచుకోండి. ఫాలోవర్లు మీకు సగం నుంచి రెట్టింపు లోపు, అంటే 21 వేల నుంచి 84 వేల దాకా. ధరల శ్రేణి మీదే ఉండాలి, 900 రూపాయల సింథటిక్ చీరలవాళ్లని కలపకండి. సినిమావాళ్లతో ప్రమోషన్ చేయించే పెద్ద షోరూములు వద్దు. ఒక్కో షాపుకి చివరి 30 ఫోటో పోస్టులు తీసుకోండి, కానీ ఈ వారం పెట్టినవి వదిలేయండి, వాటికి ఇంకా లైకులు పడుతుంటాయి. రీల్స్ కలపకండి, వాటి లెక్క వేరు. వేరే పేజీలతో కొలాబ్‌గా పెట్టిన పోస్టులూ తీసేయండి, ఇద్దరి ఫాలోవర్ల లైకులు ఒకేచోట పడతాయి.

పక్కవాళ్ల సేవ్‌లు, రీచ్ మనకి కనిపించవు. కాబట్టి పోల్చేటప్పుడు మీది కూడా లైకులు, కామెంట్ల లెక్కలోనే ఉండాలి, 0.79 రకం. ఒక్కో పోస్ట్ రేటు ఒక కాలమ్‌లో వేసి సగటు కాకుండా మీడియన్ తీయండి, ఒక గివ్‌అవే పోస్ట్ సగటుని ఎక్కడికో తీసుకుపోతుంది.

```
=(B2+C2)/42000*100
=MEDIAN(D2:D31)
```

B లో లైకులు, C లో కామెంట్లు. 42000 బదులు ఏ షాపుకి ఆ షాపు ఫాలోవర్లు.

నేత_ఇల్లు
మంగళగిరిలో మాది మగ్గం ఇల్లు, చిన్న పేజీ. 2,100 మంది ఫాలోవర్లు. పోస్ట్‌కి 130 లైకులు అటూఇటూగా వస్తాయి. లెక్కేస్తే 6 పైన ఉంది. ఇది మంచిదేనా?

ఓరుగల్లు_రవి
అదిగో! ఫాలోవర్లు తక్కువుంటే రేటు ఎక్కువ. బెజవాడ గారూ, పనిచేయని ఫాలోవర్లని ఒక 20 వేల మందిని తీసేయండి, రేటు రెట్టింపు అవుతుంది, కాంట్రాక్ట్ సేఫ్.

నేత_ఇల్లు
మా 130 లైకుల్లో సగం మా చుట్టాలు, పక్క వీధి నేతన్నలు అండీ. వాళ్లు చీర కొనరు, నేస్తారు 🙂 అందుకే అడిగాను.

లెక్కలమాస్టర్
@నేత_ఇల్లు మీరే జవాబు చెప్పేశారు. పేజీ చిన్నగా ఉన్నప్పుడు ఫాలోవర్లంతా తెలిసినవాళ్లే, రేటు ఎక్కువే ఉంటుంది. పెరిగేకొద్దీ ఒకసారి ధర అడిగి మళ్లీ రానివాళ్లు పోగవుతారు, రేటు పడుతుంది. అది అందరికీ జరిగేదే. మీలాంటి వెయ్యి నుంచి నాలుగు వేల పేజీలతో పోల్చుకోండి.

@ఓరుగల్లు_రవి నకిలీ అకౌంట్లు కొని ఉంటే తీసేయడం మంచిదే. కానీ రెండేళ్లుగా లైక్ కొట్టని మనిషి దసరాకి వచ్చి మూడు చీరలు కొనొచ్చు. రేటు కోసం ఆవిడని తీసేస్తామా?

ఓరుగల్లు_రవి
అది నిజమే. కానీ చెప్పకుండా కొన్న ఫాలోవర్లు పక్క షాపులవాళ్లకి ఉంటే మన పోలికే తప్పవుతుంది కదా, దాని సంగతేంటి?

లెక్కలమాస్టర్
మంచి ప్రశ్న. 60 వేల ఫాలోవర్లకి ఏ పోస్ట్ తీసినా 35, 40 లైకులే పడుతూ, రీల్స్‌కి కూడా వెయ్యి వ్యూస్ దాటకపోతే అనుమానించాలి. అలాంటిది జాబితాలోంచి తీసేయడమే. ఉంచితే మనం ఊరికే గొప్పగా కనిపిస్తాం, అదీ తప్పే.

బెజవాడ_కంటెంట్
కూర్చుని చేశాను. ఏడు షాపులు, మూడు గుంటూరు, రెండు విజయవాడ, రెండు హైదరాబాద్. పేర్లు వద్దు, సైజు చెప్తాను.

21 వేలది 1.12
26 వేలది 0.94
35 వేలది 0.71
47 వేలది 0.58
58 వేలది 2.60
66 వేలది 0.49
81 వేలది 0.37

మాది 30 పోస్టుల మీడియన్ 0.76. సైజు ప్రకారం చూస్తే మేం 35 వేల షాపు కన్నా కూడా పైన ఉన్నాం. కానీ ఆ 58 వేలవాళ్లకి 2.60 ఎలా వచ్చింది? ఓనరు గారబ్బాయి ఖచ్చితంగా దాన్నే పట్టుకుంటాడు.

క్లినిక్_పేజీ
ప్రమోషన్ డబ్బులు పెట్టి ఉంటారు. మెటా యాడ్ లైబ్రరీలో షాపు పేరు కొట్టి చూడండి, యాడ్స్ నడుస్తుంటే కనిపిస్తాయి.

లెక్కలమాస్టర్
అది చూడాల్సిందే, కాకపోతే అక్కడ మామూలు యాడ్స్ ఇప్పుడు నడుస్తున్నవే కనిపిస్తాయి, పోయిన నెలలో ఆపేసినవి ఉండవు. ముందు ఆ షాపు లైకులు, కామెంట్లు విడివిడిగా చెప్పండి. బూస్ట్ చేస్తే మామూలుగా లైకులు పెరుగుతాయి, కామెంట్లు ఆ మాత్రం పెరగవు.

బెజవాడ_కంటెంట్
వాళ్ల మధ్య పోస్ట్‌లో లైకులు 380, కామెంట్లు 1,128. లైకుల కన్నా కామెంట్లు మూడు రెట్లు! తెరిచి చూస్తే అన్నీ PP, PP, Price, PP. వాళ్లు ధర ఎక్కడా రాయరు. "ధర కోసం PP అని కామెంట్ చేయండి" అని రాస్తారు, ఆటోమేటిక్‌గా మెసేజ్ వెళ్తుంది. మేం ధర, వాట్సాప్ నంబర్ రెండూ పోస్ట్‌లోనే పెడతాం.

లెక్కలమాస్టర్
అదీ సంగతి. కామెంట్లు వదిలేసి లైకులతోనే వేయండి. వాళ్లది 380 ని 58,000 తో భాగిస్తే 0.66. మీది?

బెజవాడ_కంటెంట్
లైకులు మాత్రమే అయితే మా మీడియన్ 0.70. కొంచెం మేమే పైన.

నేత_ఇల్లు
ధర దాచడం నాకు నచ్చదండీ. కొనేవాళ్లకి చిరాకు. మేం ధర రాస్తాం, కామెంట్లు రావు, కానీ వాట్సాప్‌లో ఫోటో స్క్రీన్‌షాట్ పెట్టి "ఇది ఉందా" అని నేరుగా అడుగుతారు. ఆ స్క్రీన్‌షాట్ ఏ రేటులోకీ రాదు.

మాదాపూర్_బీటూబీ
కానీ PP పద్ధతిని అంత తేలిగ్గా తీసేయలేం. ధర అడిగిన 1,100 మందికీ మెసేజ్ వెళ్తోంది అంటే వాళ్లకి 1,100 లీడ్స్. అది నకిలీ ఎంగేజ్‌మెంట్ కాదు. కామెంట్లు ఎక్కువున్న పోస్ట్ ఇంకా ఎక్కువమందికి చేరుతుందేమో కూడా.

నేత_ఇల్లు
ధర తెలుసుకుని వెళ్లిపోయేవాళ్లు కూడా లీడ్సేనా? మా దగ్గర ధర చూసి వాట్సాప్‌కి వచ్చినవాళ్లు చాలావరకు కొంటారు.

లెక్కలమాస్టర్
ఇద్దరిదీ నిజమే, ఏది మెరుగో లైకులు, కామెంట్లు చూసి తేలదు. ఆ షాపు ఎంత అమ్మిందో మనకి తెలియదు. బెజవాడ గారికి కావాల్సింది మాత్రం తేలింది. 2.60 కీ 0.76 కీ మధ్య తేడా ధర ఎక్కడ రాస్తారు అన్నదే, ఫోటోలు బాగా తీయడం కాదు. ఓనరు గారికి కామెంట్లు కావాలంటే ధర తీసేయమని ఆయనే నిర్ణయించుకోవాలి.

బ్యాంక్_సోషల్
ఆలస్యంగా చూశాను. మా వైపు నుంచి ఒక మాట. నేను ఒక బ్యాంక్ సోషల్ మీడియా టీమ్‌లో చేస్తాను. యాప్ ఆగిపోయిన రోజు మా రేటు మామూలు కన్నా అయిదారు రెట్లు ఉంటుంది. దీపావళి శుభాకాంక్షల పోస్ట్ కింద కూడా "నా డబ్బులు కట్ అయ్యాయి, రీఫండ్ ఎప్పుడు" అనే ఉంటుంది. ప్లాట్‌ఫామ్‌కి అవన్నీ ఎంగేజ్‌మెంటే. అందుకే మేం ఫిర్యాదు కామెంట్లు విడిగా లెక్కపెడతాం. నంబర్ పైకి వెళ్లినప్పుడు సంతోషించే ముందు కామెంట్లు చదవాలి.

కాలేజ్_డెస్క్
రీల్స్ సంగతి ఎవరూ మాట్లాడలేదు. బెజవాడ గారివి వారానికి మూడున్నాయి కదా.

ఓరుగల్లు_రవి
వాటినీ ఫాలోవర్లతోనే భాగించాలి. అన్నిటికీ ఒకటే లెక్క ఉంటే గందరగోళం ఉండదు.

లెక్కలమాస్టర్
రీల్ చూసేవాళ్లలో చాలామంది ఫాలోవర్లు కారు. ఒక రీల్ 3 లక్షల వ్యూస్‌కి వెళ్లి 6,000 లైకులు తెస్తే 42,000 తో భాగించినప్పుడు 14 శాతం. దానికి అర్థం లేదు. వ్యూస్ పక్క షాపులవాళ్లవి కూడా కనిపిస్తాయి కాబట్టి వ్యూస్‌తో భాగిస్తే 2 శాతం. అది పోల్చుకోవచ్చు.

మాదాపూర్_బీటూబీ
వ్యూస్‌లో ఒకే మనిషి నాలుగుసార్లు చూసినా నాలుగే. ఏడు సెకన్ల రీల్ తిరుగుతూనే ఉంటుంది, నిమిషం రీల్ తిరగదు. పొట్టి రీల్స్ పెట్టే షాపు రేటు ఊరికే తక్కువ కనిపిస్తుంది. కాబట్టి అదీ సరైన లెక్క కాదు.

లెక్కలమాస్టర్
ఒప్పుకుంటా. నిడివి దగ్గరగా ఉన్న రీల్స్ మధ్యే పోల్చడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు. ఎవరికైనా మెరుగైన పద్ధతి తెలిస్తే రాయండి.

క్లినిక్_పేజీ
సీజన్ కూడా చూడండి బెజవాడ గారూ. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు తీసిన లెక్కనీ, మూఢంలో ముహూర్తాలు లేనప్పుడు తీసిన లెక్కనీ పక్కన పెట్టి "పడిపోయింది" అంటారు ఓనర్లు.

బెజవాడ_కంటెంట్
అవును, పోయినసారి సరిగ్గా అదే అన్నారు. ఆ నెల తేదీలకే ఈ ఏడు షాపులవీ తీసి చూస్తే అందరివీ పడ్డాయి, మాకన్నా ఇద్దరివి ఎక్కువ పడ్డాయి.

కాంట్రాక్ట్ సంగతి. "3 శాతం గ్యారంటీ" బదులు ఏం రాయమంటారు?

లెక్కలమాస్టర్
స్థిరమైన నంబర్ రాయకండి. "ఒప్పుకున్న షాపుల జాబితా, ఫోటో పోస్టులు, లైకులు కామెంట్లు, ఫాలోవర్లతో భాగించి, మూడు నెలల మీడియన్ ఆ షాపుల మీడియన్ కన్నా తగ్గకూడదు" అని రాయండి. PP షాపుని తీసేసి ఆరింటితో వేస్తే మధ్య విలువ 0.65 దగ్గర వస్తుంది, మీరు 0.76. జాబితా ఓనరు గారితోనే ఒప్పించండి, తర్వాత మార్చడానికి ఉండదు. ప్రతి నెలా చేత్తో లెక్కపెట్టక్కర్లేదు, మెటా బిజినెస్ సూట్‌లో బెంచ్‌మార్కింగ్ అని ఒక భాగం ఉంది, అక్కడ ఆ షాపులని చేర్చుకుంటే వాళ్ల ఫాలోవర్లు, పోస్టుల సంఖ్య కనిపిస్తాయి. పోస్ట్ వారీ రేటు మాత్రం మీరే వేసుకోవాలి.

పక్కనే సేవ్‌లు, షేర్లు కలిపిన మీ సొంత నంబర్ కూడా పెట్టండి, అది మీ పాత నెలలతో పోల్చుకోవడానికే.

ఓరుగల్లు_రవి
నేనైతే వాట్సాప్‌కి వచ్చిన ఎంక్వైరీల సంఖ్య కూడా అదే కాగితంలో పెడతా. ఓనరు చివరికి చూసేది దాన్నే. మీరు ఎంత మీడియన్ చెప్పినా నా మాట మారదు.

బెజవాడ_కంటెంట్
అదీ పెడతాను రవి గారూ, షాపులో ఫోన్ చూసే అమ్మాయి రోజూ రాసి పెడతానంది. ఇంకొక్క డౌట్. గుంటూరు షాపుల్లో ఒకటి నిన్నటి నుంచి లైకుల సంఖ్య దాచేసింది. 35 వేలది. ఇప్పుడెలా?

లెక్కలమాస్టర్
దాన్ని తీసేసి 30, 40 వేల మధ్య ఉన్న ఇంకో పట్టుచీరల షాపు వెతకండి. కామెంట్లతో ఊహించి లైకులు వేయకండి. కాంట్రాక్ట్‌లో కూడా ఆ మాట ముందే రాసి పెట్టుకోండి, ఎవరైనా లైకులు దాచితే అదే సైజు షాపుని ఇద్దరూ కలిసి ఎంచుకోవాలని.